అంగారకుడు వెనక్కి ఎందుకు నడుస్తాడు? తరచుగా అడిగే ప్రశ్నలు

2024 డిసెంబర్ నుంచి 2025 ఫిబ్రవరి దాకా అంగారకుడు పునర్వసు, పుష్యమి నక్షత్రాల దగ్గర వెనక్కి నడిచాడు. ఆ చలికాలంలో హనుమకొండ, వరంగల్, కాజీపేట చుట్టుపక్కల ఆకాశం చూసే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, పంచాంగం చూసే పెద్దలు అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను. 2027లో అంగారకుడు మళ్లీ వెనక్కి తిరుగుతాడు కాబట్టి, అప్పటికి ఎవరైనా స్వయంగా చూసి, గీసి, సరిచూసుకునేలా రాయాలన్నదే నా ప్రయత్నం.

అసలు ఆకాశంలో కనిపించేది ఏమిటి?

మామూలుగా అంగారకుడు నక్షత్రాల మధ్య రోజురోజుకీ కొంచెం కొంచెం తూర్పుకు జరుగుతుంటాడు. సుమారు 26 నెలలకు ఒకసారి ఆ నడక మందగిస్తుంది, ఆగుతుంది, తర్వాత రెండు నెలలకు పైగా పడమరకు సాగుతుంది. మళ్లీ ఆగి, ఎప్పటిలాగే తూర్పుకు బయలుదేరుతుంది. ఈ వెనక నడకనే వక్రగతి అంటారు.

2024-25 సంగతే చూద్దాం. పునర్వసులో రెండు పెద్ద నక్షత్రాలు పక్కపక్కనే ఉంటాయి. వాటిలో ఎక్కువ వెలుగున్న దాన్ని అంగారకుడు 2024 అక్టోబర్ మూడో వారంలో దాటి తూర్పుకు పోయాడు. డిసెంబర్ 7 నాటికి పుష్యమి దగ్గరి మసక నక్షత్రాల గుంపు పక్కన ఆగాడు. వెనక్కి తిరిగి జనవరి 22, 23 తేదీల్లో అదే పునర్వసు నక్షత్రాన్ని ఈసారి పడమర దిక్కుకు దాటాడు. ఫిబ్రవరి 24న మళ్లీ ఆగి, మార్చి చివర్లో మూడోసారి దాని పక్కనుంచి తూర్పుకు వెళ్లాడు. ఒకే నక్షత్రాన్ని ఆరు నెలల్లోపు మూడుసార్లు దాటాడన్న మాట. వెనక నడక ఉందని చెప్పడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం నాకు కనిపించదు.

ఒక రాత్రంతా కూర్చుని చూశాం, ముందుకే పోయాడు కదా?

ఇది చాలామందికి వచ్చే అనుమానం. ఒక రాత్రిలో సూర్యచంద్రుల్లాగే, నక్షత్రాల్లాగే అంగారకుడు కూడా తూర్పున లేచి పడమట వాలుతాడు. అది భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల కనిపించే నడక. వక్రం ఉన్నా లేకున్నా అది మారదు. మనం చూడవలసింది పక్క నక్షత్రాలకూ అంగారకుడికీ మధ్య ఎడం. 2025 జనవరి నడుమ, వెనక నడక బాగా జోరుగా ఉన్నప్పుడు కూడా అది రోజుకు 0.4 డిగ్రీలే, అంటే చంద్రబింబం వెడల్పు కంటే తక్కువ. నాలుగైదు రోజులకు ఒకసారి చూసి గుర్తు పెట్టుకుంటే తప్ప తెలియదు.

అంటే అంగారకుడు నిజంగానే ఆగి వెనక్కి తిరుగుతాడా?

లేదు. భూమి, అంగారకుడు రెండూ సూర్యుడి చుట్టూ ఒకే దిక్కుకు తిరుగుతుంటాయి, ఎప్పుడూ ఆగవు. భూమి సూర్యుడికి దగ్గరగా ఉంది కాబట్టి దాని వేగం ఎక్కువ, సెకనుకు సగటున 29.8 కిలోమీటర్లు. అంగారకుడి వేగం 24.1. మన చుట్టు 365 రోజుల్లో పూర్తయితే దాని చుట్టుకు 687 రోజులు పడుతుంది. లోపలి దారిలో జోరుగా పోయే భూమి సుమారు 780 రోజులకు ఒకసారి అంగారకుణ్ని వెనకనుంచి అందుకుని దాటిపోతుంది. అలా దాటే రోజుల్లోనే వక్రగతి కనిపిస్తుంది.

కాజీపేట దాటాక మన ఎక్స్‌ప్రెస్ పక్క లైన్లో అదే దిక్కుకు మెల్లగా పోతున్న గూడ్స్ బండిని దాటేయడం చూసే ఉంటారు. దూరంగా ఉన్న గుట్ట మీద చూపు నిలిపితే, గూడ్స్ ముందుకే పోతున్నా ఆ గుట్టతో పోల్చినప్పుడు వెనక్కి జారుతున్నట్టు ఉంటుంది. ఇక్కడ ఎక్స్‌ప్రెస్ భూమి, గూడ్స్ అంగారకుడు, గుట్ట నక్షత్రాలు.

అయితే ఓవర్‌టేక్ చేయడమే కారణం, అంతేనా?

అంతే అని వదిలేస్తే సగమే చెప్పినట్టు. చాలా పాఠాలు ఇక్కడే ఆగిపోతాయి, అది నాకు లోటుగా అనిపిస్తుంది. తిన్నటి పట్టాల మీద గూడ్స్ వెనక్కి జారడం ఆగనే ఆగదు. మనం దానికంటే జోరుగా పోతున్నంత సేపూ అది వెనక్కే పోతుంది. మరి అంగారకుడు ముందు తూర్పుకు నడవడం, ఆగడం, వెనక్కి తిరగడం, మళ్లీ ఆగడం ఎక్కడినుంచి వచ్చాయి? దారులు గుండ్రంగా ఉండటం నుంచి.

భూమినుంచి అంగారకుడి దాకా ఒక గీత ఊహించుకోండి. దాన్ని చూపుగీత అందాం. ఆ గీత పొడుగునా ఎంత వేగంగా దగ్గరైనా దూరమైనా ఆకాశంలో అంగారకుడి చోటు మారదు. చోటు మార్చేది గీతకు అడ్డంగా ఉండే వేగం మాత్రమే. ఇద్దరిలో ఎవరి అడ్డవేగం ఎక్కువ అన్న దాన్నిబట్టే ముందు నడకా, వెనక నడకా.

భూమి దాటబోయే రోజుకు మూడు నెలల ముందు భూమి దాదాపు అంగారకుడి వైపే దూసుకుపోతుంటుంది. వేగం 29.8 ఉన్నా దానిలో చూపుగీతకు అడ్డంగా పడేది సెకనుకు 4 కిలోమీటర్లే. అంగారకుడి అడ్డవేగం 18. అతనిదే పైచేయి, అందుకే తూర్పుకు నడుస్తాడు. రోజులు గడిచేకొద్దీ భూమి తన వలయం మీద వంపు తిరుగుతుంది, దాని వేగంలో ఎక్కువ భాగం అడ్డానికి వస్తుంది. సుమారు 36 రోజుల ముందు ఇద్దరి అడ్డవేగాలూ సమానమవుతాయి, రెండూ సెకనుకు 21.5 కిలోమీటర్లు. అప్పుడు చూపుగీత తిరగదు, అంగారకుడు ఆగినట్టు కనిపిస్తాడు. ఆ తర్వాత భూమిది పైచేయి. సరిగ్గా దాటే రోజున 29.8కి 24.1. అప్పుడు వెనక నడక అన్నిటికంటే జోరుగా ఉంటుంది. తర్వాతి 36 రోజుల్లో ఇదంతా తిరగబడి జరుగుతుంది, మళ్లీ సమానమైన రోజున రెండో ఆగుడు.

ఈ లెక్క రెండు దారులూ సరిగ్గా గుండ్రంగా ఉన్నాయనుకుని చేసింది. దాని ప్రకారం వక్రం 73 రోజులు, వెనక్కి జరిగే దూరం 16 డిగ్రీలు. నిజంగా కనిపించేది దీనికి అటూ ఇటూగా ఉంటుంది, ఎందుకన్నది కింద చెబుతాను.

ఇది మేమే గీసి చూడొచ్చా?

తప్పకుండా. రూళ్ల కాగితం, కంపాస్, కోణమానిని, స్కేలు చాలు. కాగితానికి ఎడమ పక్కన మధ్యలో సూర్యుడి చుక్క పెట్టండి. దాని చుట్టూ 6 సెంటీమీటర్లతో భూమి దారి, 9.1 సెంటీమీటర్లతో అంగారకుడి దారి గీయండి. కుడి సగం చాలు. సూర్యుడినుంచి రూళ్ల వెంట నేరుగా కుడికి గీసిన గీత మీద రెండు గ్రహాలనూ గుర్తించండి. అది భూమి దాటే రోజు, అంటే ప్రతియుతి. ఆ రోజు సూర్యుడు, భూమి, అంగారకుడు ఒకే వరసలో ఉంటారు.

ఇప్పుడు నెలకో అడుగు. 30 రోజుల్లో భూమి 30 డిగ్రీలు, అంగారకుడు 16 డిగ్రీలు జరుగుతాయి. గడిచిపోయిన నెలలను కిందికి, రాబోయే నెలలను పైకి గుర్తించండి. భూమికి 30, 60, 90 డిగ్రీల దగ్గర, అంగారకుడికి 16, 32, 48 డిగ్రీల దగ్గర చుక్కలు వస్తాయి. ఏ నెల భూమిని ఆ నెల అంగారకుడితో కలుపుతూ ఏడు గీతలు గీయండి. ఒక్కో గీత రూళ్ల నుంచి ఎంత పైకి లేదా కిందికి వాలిందో కొలవండి.

మూడు నెలల ముందు గీత రూళ్ల కంటే సుమారు 7 డిగ్రీలు కిందికి ఉంటుంది. రెండు నెలల ముందు 4 డిగ్రీలు పైకి, ఒక నెల ముందు 7.5 డిగ్రీలు పైకి వస్తుంది. ఇంతవరకు ముందు నడక. ప్రతియుతి రోజున సున్నా. ఒక నెల తర్వాత 7.5 డిగ్రీలు కిందికి పోతుంది. ఇది వెనక నడక. రెండు నెలల తర్వాత 4 డిగ్రీలు కిందికే ఉంటుంది కానీ అప్పటికే మళ్లీ పైకి మళ్లింది. మూడు నెలలకు 7 డిగ్రీలు పైకి చేరుతుంది. రెండు చుక్కలనూ ఒక్కసారి కూడా వెనక్కి జరపలేదు. అయినా గీత వెనక్కి తిరిగింది.

మేం గీస్తే సరిగ్గా రాలేదు. ఎక్కడ తప్పింది?

ఎక్కువగా జరిగేది ఒకటే. అంగారకుడి దారికి కొంచెం బయట ఇంకో వలయం గీసి దాన్ని నక్షత్రాలు అనుకుంటారు. చూపుగీతలను అక్కడిదాకా పొడిగించి, అవి ఆ వలయాన్ని తాకిన చోట్లను పోలుస్తారు. కానీ నక్షత్రాలు ఈ కాగితం కొలతలో కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. వలయాన్ని దగ్గరగా గీస్తే భూమి జరిగిన దూరం కూడా అందులో కలిసిపోయి వెనక నడక చిన్నదైపోతుంది, కొన్నిసార్లు మాయమవుతుంది. అంత దూరంలో ఉన్న నక్షత్రం విషయంలో సమాంతరంగా ఉన్న రెండు గీతలు ఒకే నక్షత్రాన్ని చూపినట్టే. కాబట్టి గీత ఎక్కడ తాకిందన్నది వదిలేసి, ఎంత వాలిందన్నది మాత్రమే కొలవాలి. రూళ్ల కాగితం తీసుకోమన్నది అందుకే.

రెండో పొరపాటు నెలలను కలపడంలో వస్తుంది. ఒక నెల భూమిని మరో నెల అంగారకుడితో కలిపితే లెక్కంతా చెడిపోతుంది. చుక్కల పక్కన నెల అంకె వేసుకోండి.

వెళ్లిన దారినే వెనక్కి రాకుండా ముడిలా ఎందుకు తిరుగుతాడు?

మన కాగితం చదునుగా ఉంది, ఆకాశంలో రెండు దారులూ ఒకే చదునులో లేవు. అంగారకుడి దారి మన దారికి 1.85 డిగ్రీలు వంగి ఉంది. సూర్యుడినుంచి చూస్తే చిన్న వంపే కానీ మనం దగ్గరికి వెళ్లినప్పుడు అది పెద్దదిగా కనిపిస్తుంది. 2027 ప్రతియుతి రోజున ఆ ఎత్తు మనకు 4.5 డిగ్రీలుగా అనిపిస్తుంది. వెనక నడక మధ్యలో ఎత్తు ఎక్కువ, రెండు చివర్లలో తక్కువ. అందువల్ల వెళ్లిన దారీ వచ్చిన దారీ కలవకుండా మధ్యలో ఖాళీ ఏర్పడి ముడి పడుతుంది. రెండు చదునులూ కలిసే చోటికి దగ్గరలో ప్రతియుతి వస్తే ముడి విడిపోయి, దారి మెలికలా సాగిపోతుంది.

ప్రతిసారీ వక్రం ఒకేలా ఉంటుందా?

ఉండదు, ఇందులో ఊహకు అందని విషయం ఒకటుంది. 2018 జూలైలో అంగారకుడు మనకు 5.8 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చాడు. 2025 జనవరిలో 9.6 కోట్ల కిలోమీటర్లకే ఆగాడు. దగ్గరగా ఉన్నప్పుడు ముడి పెద్దదిగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తలకిందులు. 2018లో వెనక నడక సుమారు 62 రోజులు, పదిన్నర డిగ్రీలు. 2024-25లో దాదాపు 80 రోజులు, 19 డిగ్రీలు.

కారణం వేగాల తేడా. అంగారకుడి దారి కొద్దిగా సాగిన అండాకారం. సూర్యుడికి దగ్గరైనప్పుడు అతను జోరందుకుంటాడు. 2018 ప్రతియుతి రోజున అతని వేగం సుమారు 26, అప్పుడు నెమ్మదిగా ఉన్న భూమి వేగం 29.3. తేడా మూడు కిలోమీటర్లే. 2025లో అంగారకుడు దూరంగా, నెమ్మదిగా 22.5 వేగంతో ఉన్నాడు. జనవరి కాబట్టి భూమి జోరుగా, 30.3తో ఉంది. తేడా ఏడున్నర దాటింది. దూరం ఎక్కువైనా ఆ తేడాయే గెలిచింది. అంగారకుడి దారి గుండ్రం కాదని 1609లో కెప్లర్ తేల్చింది కూడా టైకో బ్రాహీ ఏళ్ల తరబడి కొలిచి పెట్టిన ఈ గ్రహపు చోట్ల నుంచే.

పంచాంగంలో రాసే కుజ వక్రం ఇదేనా?

ఇదే. కుజుడు అంటే అంగారకుడే. వక్ర ఆరంభం మొదటి ఆగుడు, వక్ర త్యాగం రెండో ఆగుడు. మన సిద్ధాంత గ్రంథాలు భూమిని మధ్యలో పెట్టి లెక్క కట్టినా, ఈ వెనక నడకను సూర్యుడికి ముడిపెట్టే కట్టాయి. కుజుడి శీఘ్రోచ్చం అని వాళ్లు తీసుకున్నది సూర్యుడి సగటు స్థానాన్నే. సూర్యుడి నడకలా మనకు కనిపించేది నిజానికి భూమి నడకే కాబట్టి, భూమి కదలిక మరో పేరుతో ఆ లెక్కలోకి వచ్చేసింది. ఆ శీఘ్రోచ్చానికీ కుజుడి సగటు స్థానానికీ మధ్య కోణాన్ని శీఘ్ర కేంద్రం అంటారు. అది 164 డిగ్రీలకు చేరినప్పుడు కుజుడికి వక్రం మొదలవుతుందని సూర్యసిద్ధాంతం చెబుతుంది. మనం పైన వాడిన గుండ్రటి దారుల లెక్కలో అదే కోణం 163 డిగ్రీలు దాటి వస్తుంది. నాకు ఈ పోలిక ఎంతో ఇష్టం. సూర్యుణ్ని మధ్యలో పెట్టిన కోపర్నికస్ లెక్క 1543లో అచ్చయింది, అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఆ కోణం ఇక్కడ తెలుసు.

రెండు పంచాంగాల్లో వక్ర తేదీలు వేరుగా ఉంటే దేన్ని నమ్మాలి?

పాత సిద్ధాంత లెక్కతో చేసే పంచాంగాలకూ, నేటి పరిశీలనలతో సరిచేసిన దృక్ పంచాంగాలకూ తేడా ఉంటుంది. ఆకాశంతో సరిపోయేది దృక్ లెక్క. అయితే ఆ రోజును కంటితో తేల్చడం కష్టం. ఆగిన రోజుకు అటు ఐదు రోజులు, ఇటు ఐదు రోజులు చూసినా అంగారకుడు జరిగేది చంద్రబింబం వెడల్పులో మూడో వంతుకు మించదు.

వక్రంలో ఉన్నప్పుడు పెళ్లి పెట్టుకోవచ్చా? ఇంట్లో పెద్దవాళ్లు టెన్షన్ పడుతున్నారు.

ముహూర్తాల సంగతి మీ ఇంటి పెద్దలు, పురోహితులు చూసుకునేది. నేను చెప్పగలిగింది గ్రహం గురించి. వక్రం అన్న రోజుల్లో అంగారకుడికి కొత్తగా ఏమీ జరగదు. దారి మారదు, దిక్కు మారదు. మారేది మనం చూసే చోటు.

వరంగల్ నుంచి మళ్లీ ఎప్పుడు చూడొచ్చు?

2027 జనవరి 10న అంగారకుడు ఆగుతాడు, ఫిబ్రవరి 19న ప్రతియుతి, ఏప్రిల్ 1 ప్రాంతంలో మళ్లీ ఆగుడు. ఈసారి ఆనవాలు మఖ నక్షత్రం. జనవరిలో అంగారకుడు దానికి తూర్పున పది డిగ్రీల దూరంలో, అంటే చేయి చాపి పట్టిన పిడికిలి వెడల్పు ఎడంలో ఉంటాడు. ప్రతియుతి నాటికి మఖకు ఉత్తరంగా నాలుగు డిగ్రీల మీదుగా వెళ్తాడు. మార్చి చివరికి మఖకు పడమట దాదాపు అంతే దూరం చేరతాడు. పంచాంగం చూసేవాళ్లకు ఇది సింహం నుంచి కర్కాటకానికి వెనక్కి వచ్చినట్టు కనిపిస్తుంది.

మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. వరంగల్ భూమధ్యరేఖకు 18 డిగ్రీలు ఉత్తరాన ఉంది. ఫిబ్రవరి 19 రాత్రి పన్నెండున్నర ప్రాంతంలో అంగారకుడు దాదాపు మన నడినెత్తి మీదుగా దాటతాడు. మంచు, దుమ్ము అడ్డం తక్కువ. జనవరిలో రాత్రి పదిన్నర తర్వాత, ఫిబ్రవరిలో ఎనిమిదిన్నరకు, మార్చిలో చీకటి పడగానే తూర్పు వైపు చూడండి. ఊరి లైట్ల మధ్య డాబా మీదనుంచి కూడా అంగారకుడు, మఖ రెండూ కనిపిస్తాయి. చుట్టుపక్కల చిన్న నక్షత్రాలు కూడా కావాలంటే పాఖాల, రామప్ప వైపు వెళ్లాలి.

ఒక జాగ్రత్త. ఆ రోజుల్లో గురుగ్రహం కూడా అక్కడే, మఖకు పడమటి వైపు ఉంటుంది, అంగారకుడి కంటే ఎక్కువగా మెరుస్తుంది. తెల్లగా, పెద్ద వెలుగుతో ఉన్నది గురుడు, ఎర్రటిది అంగారకుడు. గురుడు కూడా ఆ నెలల్లో వక్రంలోనే ఉంటాడు. అతను దూరంలో ఉన్నాడు కాబట్టి మొత్తం నాలుగు నెలల్లో పది డిగ్రీలే వెనక్కి జరుగుతాడు. రెండు వక్రాలనూ ఒకే కాగితం మీద గీసుకునే అవకాశం ఇది.

గీసేటప్పుడు మఖను, కొడవలిలా వంగిన దాని పై నక్షత్రాలను ముందే కాగితం మీద వేసుకోండి. వారానికి ఒకసారి అంగారకుడి చోటు గుర్తించి తేదీ రాయండి. ఫోన్‌తో తీసేవాళ్లు నైట్ మోడ్‌లో పెట్టి, ఫోన్‌ను గోడకో స్టాండ్‌కో ఆనించి, ప్రతిసారీ మఖ ఫొటోలో పడేలా చూసుకోవాలి. జూమ్ మారిస్తే పోల్చడం కష్టమవుతుంది. వెలుగును కూడా రాసుకోండి. వెనక నడక మధ్యలో అంగారకుడు బాగా మెరిసి, తర్వాత తగ్గుతాడు. మనం అతని పక్కనుంచి పోతున్నామన్న దానికి అది విడిగా దొరికే రుజువు.

అంగారకుడి మీద నిలబడి చూస్తే భూమి కూడా వెనక్కి నడుస్తుందా?

నడుస్తుంది, అవే రోజుల్లో. చూపుగీత ఒక్కటే కదా, ఏ చివరనుంచి చూసినా అది తిరిగే దిక్కు మారదు. అక్కడినుంచి మాత్రం ఆ రోజుల్లో భూమి సూర్యుడికి దగ్గరగా కనిపిస్తుంది. ప్రతియుతి చుట్టూ ఉన్న రోజుల్లో సూర్యుడి వెలుగులోనే కలిసిపోతుంది కాబట్టి మనం చూసినంత సులువుగా అక్కడినుంచి చూడలేరు.